సీసాలమ్మ అతికించిన రెండు లేబుళ్లు

ఆ కాలేజీలో ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినిపించదు. ప్రిన్సిపాలు దగ్గర్నుంచి గేటు దగ్గర కూర్చునే ముసలాయన దాకా అందరికీ ఆమె సీసాలమ్మే. కెమిస్ట్రీ ల్యాబు వెనక, రైలుపెట్టెలా పొడుగ్గా, ఇరుగ్గా ఉండే స్టోరు గది ఆమెది. గోడలకు చెక్క అరలు, అరల నిండా సీసాలు. ల్యాబు వైపు గోడకు తలుపు లేదు, ఒక చిన్న కిటికీ ఉంది. విద్యార్థి చీటీ ఇస్తే ఆ కిటికీలోంచి సీసా బయటికొస్తుంది. ఇరవై ఒక్క ఏళ్లుగా సీసాలే ఆ కిటికీ దాటి వెళ్లాయి గానీ, ఆమె వెళ్లలేదు.

ఆమె గొప్పంతా లేబుళ్లలో ఉంది. ముత్యాల్లాంటి గుండ్రటి అక్షరాలు. కాగితం అతికించాక దానిమీద కొవ్వొత్తి రుద్దుతుంది, తడి తగిలినా సిరా చెదరకుండా. కొత్తగా చేరిన లెక్చరరు ఎవరైనా సీసా మూత తీసి వాసన చూడబోతే, పాతవాళ్లు చెయ్యి పట్టుకుని ఆపుతారు. సీసాలమ్మ రాసిందంటే రాసిందే, ఇంక అనుమానాలు పెట్టుకోకు అంటారు. ఈ మాట ఆమె చెవిన పడ్డప్పుడల్లా ఆమెకు కడుపు నిండినట్టుండేది. అంత నమ్మకం మనిషికి మంచిది కాదని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

నలభై నాలుగో ఏట ఆమెకు ఎమ్మెస్సీ చదవాలని బుద్ధి పుట్టింది. ఊరికే పుట్టలేదు లెండి. ల్యాబులో డెమాన్‌స్ట్రేటరు మరో మూడేళ్లలో రిటైరవుతాడు. ప్రిన్సిపాలు ఆమెను పిలిచి, దూరవిద్యలో ఎమ్మెస్సీ గట్టెక్కితే ఆ ఉద్యోగం నీదేనమ్మా, లేకపోతే బయటివాళ్లను తీసుకుంటాం అన్నాడు. కిటికీకి అవతలి వైపు నిలబడి, తెల్లకోటు వేసుకుని, పిల్లలకు చెయ్యి పట్టి చూపించాలని ఆమెకు ఎంత కోరికో చెప్పలేను. పేపర్లన్నీ ఒక్కొక్కటిగా నెట్టుకొచ్చింది. ఇనార్గానిక్ పేపరొక్కటే ముల్లులా మిగిలింది. రెండుసార్లు తప్పింది. మూడోసారే ఆఖరు, ఆ పైన రాయనివ్వరు.

రెండుసార్లూ ముంచింది ఒకటే ప్రశ్న. ప్లాటినం నడుమ కూర్చుంటుంది. దాని చుట్టూ ఒకే తలంలో, నలుచదరం మూలల్లో క్లోరైడు, అమోనియా లాంటి నాలుగు లైగాండ్లు దాన్ని అంటిపెట్టుకుని ఉంటాయి. వాటిలో ఒకటి పోయి, ఆ చోటికి కొత్తది వస్తుంది. ఏది పోతుంది, కొత్తది ఎక్కడ కూర్చుంటుంది అన్నదే ప్రశ్న. ఒకే రకానివి రెండూ పక్కపక్కన కుదురుకుంటే సిస్ అంటారు, ఎదురెదురుగా కుదురుకుంటే ట్రాన్స్ అంటారు. ఇంతవరకూ ఆమెకు కరతలామలకమే. ఆ తర్వాత ట్రాన్స్ ప్రభావమని ఒకటి వస్తుంది, అక్కడే ఆమె బుర్ర బురదలో దిగబడిపోయేది.

విచిత్రమేమిటంటే, ఆమె చేతులకు ఆ సంగతి తెలుసు. నాలుగు క్లోరైడులున్న ఎర్ర ప్లాటినం ఉప్పులో అమోనియా జాగ్రత్తగా కలిపి, అడుగున ఆకుపచ్చ మడ్డి దిగకుండా చూసుకుంటూ, పసుపుపచ్చటి సిస్‌ని ఎన్నిసార్లు తయారుచేసి ఇచ్చిందో లెక్కలేదు. అదే ఉప్పును అమోనియాతో రంగు పోయేదాకా మరిగించి, నాలుగు చోట్లా అమోనియానే నిలబెట్టి, ఆ తర్వాత హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి కాస్తే లేత పసుపు ట్రాన్స్ వస్తుందనీ తెలుసు. కానీ పరీక్షలో ఎందుకు అని అడుగుతారు కదా. పోయినసారి హాల్లో కూర్చుని చక్కగా సిస్ అని రాసింది. తర్వాత కారణం రాయబోతూ, ట్రాన్స్ ప్రభావమంటే కొత్తగా వచ్చింది అంతకుముందు వచ్చినదానికి ఎదురుగా కూర్చోవాలి కదా, మరి సిస్ ఎలా వస్తుంది అనుకుంది. రాసిన సరైన జవాబును స్కేలు పెట్టి మరీ కొట్టేసింది. ఆ కొట్టివేతకు పన్నెండు మార్కులు పోయాయి. పాసవడానికి తక్కువైనవి తొమ్మిదే.

ఇనార్గానిక్ చెప్పే లెక్చరరుని అందరూ బాణాల సార్ అంటారు. బోర్డు మీద ఒక్క అక్షరం రాస్తే నాలుగు బాణాలు గీస్తాడు. మనసు వెన్న, నోరు తుపాకి. ఆమె అడిగినప్పుడల్లా చెప్పాడు. కానీ ఆయన చెప్పే వేగానికి బాణాలు నాలుగు దిక్కులా పరిగెత్తేవి, ఆమె తల ఊపేది. ఒకసారి తల ఊపాక రెండోసారి అడగడానికి సిగ్గు. రెండుసార్లు అడిగాక మూడోసారి అడగడానికి చచ్చేంత సిగ్గు.

సరిగ్గా అప్పుడే స్టోరులో నీళ్ల పైపు కారింది. సెలవులు అయ్యాక తాళం తీసి చూస్తే పై అరంతా తడి. అక్కడున్న రెండు చిన్న ప్లాటినం సీసాల లేబుళ్లు ఊడి, గుజ్జైపోయాయి. అవి ఆమె రాసినవి కావు, అంతకుముందు మనిషి రాసిన పాత లేబుళ్లు. కొవ్వొత్తి రుద్దే తెలివి ఆయనకు లేదు. ఒకదాంట్లో సిస్, ఒకదాంట్లో ట్రాన్స్. రెండూ పసుపే. పాతబడి, తేమ తగిలి, ఏది ముదురో ఏది లేతో చూపుకు ఆనడం లేదు. మరో వారంలో ఎమ్మెస్సీ పిల్లల ప్రాక్టికల్ ఈ రెంటితోనే.

ఆమె కంగారుపడలేదు. చేతి తొడుగులు వేసుకుని, రెండు పరీక్షనాళికల్లో చిటికెడు చిటికెడు వేసి, సిస్‌నీ ట్రాన్స్‌నీ వేరుచేసి చూపించే థయోయూరియా ద్రావణం పోసి, గోరువెచ్చగా కాచింది. ఒకటి చిక్కటి పసుపు తిరిగింది. రెండోదాంట్లో చల్లారాక తెల్లటి సూదుల్లాంటి స్ఫటికాలు దిగాయి. దేన్ని ఏమనాలి? ప్రాక్టికల్ పుస్తకంలో ఆ చోట గీత మాత్రమే ఉంది, పిల్లలే కనుక్కుని రాయాలని. బాణాల సార్‌ని అడుగుదామని వరండాలోకి వెళ్లింది. ఆయన ఎవరికో బాణాలు గీస్తున్నాడు. వెనక్కి వచ్చేసింది.

కూర్చుని తన తర్కం తానే చేసుకుంది. థయోయూరియా మహా బలమైనది, ఆ సంగతి పుస్తకంలో ఉంది. అది ఎదురెదురు జంటల మీద పడుతుంది. ట్రాన్స్‌లో క్లోరైడులు ఎదురెదురు, అమోనియాలూ ఎదురెదురు, కాబట్టి నలుగురూ ఎగిరిపోతారు. నాలుగు చోట్లా థయోయూరియా చేరితే వచ్చే రంగు పసుపని ఆమెకు తెలుసు, కాబట్టి పసుపు తిరిగింది ట్రాన్స్. తెల్లసూదులది సిస్. ఎంత నిబ్బరంగా ఆలోచించిందో, అంత నిబ్బరంగా తప్పు చేసింది. గుండ్రటి అక్షరాలతో రెండు లేబుళ్లు రాసి, అతికించి, కొవ్వొత్తి రుద్దింది.

ప్రాక్టికల్ రోజున ల్యాబులో గోల మొదలైంది.

"సార్, ట్రాన్స్ సీసాలోది పసుపొచ్చింది సార్."

"నీళ్లు కలిపి ఉంటావు. మళ్లీ చెయ్యి."

"అందరికీ అలాగే వచ్చింది సార్."

బాణాల సార్ తనే స్వయంగా చేశాడు. ట్రాన్స్ అని రాసి ఉన్నది పసుపు తిరిగింది. సిస్ అని రాసి ఉన్నది తెల్లసూదులు దించింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు. అప్పటికీ పసుపు పసుపే. కిటికీ దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, ఈ థయోయూరియా పాడైనట్టుంది. కొత్త సీసా ఉందా?"

"ఉందండీ," అని ఆమె సీలు విప్పి ఇచ్చింది. కొత్తదానితోనూ అంతే.

"ఈ రెండు సీసాల లేబుళ్లు మీరు రాసినవేనా?"

"నేనేనండీ. మొన్ననే కొత్తవి అతికించాను."

"అయితే సీసాల మీద అనుమానం లేదు," అన్నాడాయన నీరసంగా. చూడండి, ఇదీ వరస. ఇరవై ఆరేళ్లు చెప్పిన పాఠాన్ని అనుమానించాడు, థయోయూరియాను అనుమానించాడు, నీళ్లను అనుమానించాడు, తన కళ్లను అనుమానించాడు, సీసాలమ్మ చేతిరాతను మాత్రం అనుమానించలేదు. రికార్డులో ఆ పేజీ ఖాళీగా వదిలెయ్యమని పిల్లలకు చెప్పి, ఆ పూట బోర్డు మీద ఒక్క బాణమూ గీయకుండా వెళ్లిపోయాడు.

ఆమెకు ఇది మరీ అయోమయం. తన తర్కం ప్రకారం వచ్చిన ఫలితం సరైనదే కదా, మరి సారెందుకు అంత కుదేలయ్యాడు? సారుకే అర్థంకానిది తనకు పరీక్షకున్న మూడు వారాల్లో ఎలా అర్థమవుతుంది? ఒకవైపు కొంచెం ఊరట, తనలాంటి మొద్దు మరొకరు దొరికారని. ఇంకోవైపు గుండెల్లో రాయి. పుస్తకం తెరిస్తే అక్షరాలు కనిపించేవి గానీ అర్థం కనిపించేది కాదు.

పరీక్షకు ముందటి ఆదివారం మధ్యాహ్నం ఆమె క్యారమ్ బోర్డు తీసింది. ఆమె భర్త గడియారాలు బాగుచేస్తాడు. పగలంతా ఒంటికన్ను భూతద్దంతో గడిపే మనిషి, ఇంట్లో దేన్నైనా అలాగే దగ్గరగా చూసి గానీ మాట్లాడడు. ఆమె బోర్డు నడుమ ఎర్రకాయ పెట్టి, నాలుగు పక్కలా నాలుగు నల్లకాయలు పెట్టింది.

"ఎర్రది ప్లాటినం. నల్లవి క్లోరైడులు. తెల్లకాయ అమోనియా," అని, ఒక నల్లకాయ తీసి తెల్లది పెట్టింది. "ఇప్పుడు రెండో తెల్లకాయ ఎక్కడికి రావాలి?"

"నన్నడుగుతావేంటే? ఎమ్మెస్సీ నువ్వు చదువుతున్నావా, నేనా?"

"ఊరికే చెప్పండి. మొదటిదానికి ఎదురుగా రావాలా, పక్కకి రావాలా?"

ఆయన బోర్డు మీదికి వంగి చాలాసేపు చూశాడు. "ఇందాక ఆ తెల్లది వచ్చినప్పుడు నువ్వొక నల్లకాయ తీశావు కదా. మరి ఇప్పుడు చోటు ఎవరు ఖాళీ చేస్తున్నారు?"

"అది కాదండీ నేనడిగేది. వచ్చేది ఎక్కడ కూర్చుంటుంది అని."

"ఖాళీ అయిన చోట కూర్చుంటుంది. ఇంకెక్కడ కూర్చుంటుంది, ఒళ్లోనా?"

ఆమెకు ఒళ్లు మండిపోయింది. "మీకు గడియారాలు తప్ప ఏమీ తెలీదు," అని కాయలన్నీ డబ్బాలో పోసేసింది. ఆయన స్ట్రైకరు వెతుక్కుంటూ కూర్చున్నాడు.

పరీక్ష వేరే కాలేజీలో పడింది. తెలియని గది, కుంటి బెంచీ, కిటికీ పక్కన చోటు. ప్రశ్నపత్రం తిప్పేసరికి మూడో ప్రశ్న అదే. చతురస్ర సమతల సంశ్లిష్టాల్లో లైగాండ్ ప్రతిక్షేపణ, ట్రాన్స్ ప్రభావం వివరించండి. ఎర్ర ఉప్పు నుంచి అమోనియా ఒకటి, నైట్రైటు ఒకటి చేర్చి సిస్, ట్రాన్స్ రెండూ ఎలా పొందుతారు? థయోయూరియాతో సిస్, ట్రాన్స్‌లను ఎలా గుర్తిస్తారు?

నైట్రైటు. ఆమె చేతులు ఎప్పుడూ చెయ్యనిది. అరలో అలాంటి ప్లాటినం సీసా లేదు. చేతులను అడిగి లాభం లేదు, బుర్రనే అడగాలి. చిత్తుకాగితం మీద క్యారమ్ బోర్డు లాంటి నలుచదరం గీసి, నాలుగు క్లోరైడులు పెట్టి, ఊరికే చూస్తూ కూర్చుంది. చోటు ఎవరు ఖాళీ చేస్తున్నారు? ఆయన మాట చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. వచ్చేదాని సంగతి వదిలేసి, పోయేదాన్ని చూస్తే?

మెల్లగా గీయడం మొదలుపెట్టింది. బలమైన లైగాండు తాను కదలదు. తనకు ఎదురుగా ఉన్నదాని పట్టు సడలేట్టు చేస్తుంది. ఎవరు ముందు వచ్చారు, ఎవరు తర్వాత వచ్చారు అన్నదానితో పనే లేదు. అమోనియా కంటే క్లోరైడు బలం ఎక్కువ, క్లోరైడు కంటే నైట్రైటు బలం ఎక్కువ. ఒక అమోనియా, మూడు క్లోరైడులు ఉన్నప్పుడు, ఒక క్లోరైడుకు ఎదురుగా అమోనియా ఉంది, కనుక దాని పట్టు గట్టిగానే ఉంది. మిగిలిన రెండు క్లోరైడులూ ఒకదానికొకటి ఎదురు, రెండిటి పట్టూ సడలి ఉంది. వాటిలో ఒకటే పోతుంది. ఖాళీ అయిన ఆ చోటు అమోనియాకు పక్కన. అందుకే సిస్. తన చేతులు ఇరవై ఒక్క ఏళ్లుగా చెబుతున్నది ఇదే.

అంటే ముందు అమోనియా, తర్వాత నైట్రైటు వేస్తే సిస్. ముందు నైట్రైటు వేస్తే? దాని ఎదుటి క్లోరైడు అన్నిటికంటే వదులు. అది పోతుంది, అమోనియా వచ్చి నైట్రైటుకు ఎదురుగా కూర్చుంటుంది. ట్రాన్స్. అవే రెండు, వరస మారితే వస్తువే మారిపోతోంది. ఆమె కలం పరుగెత్తింది. కొత్త లైగాండు చదునుకు పైనుంచో కిందనుంచో వచ్చి చేరుతుందనీ, ఒక్క క్షణం ప్లాటినం చుట్టూ ఐదుగురుంటారనీ, వచ్చేదీ పోయేదీ పోయేదానికి ఎదురున్నదీ మూడూ నడుమ తలంలోకి వస్తాయనీ రాసింది. కొన్ని లైగాండ్లు ఎలక్ట్రాన్లను గట్టిగా ఇచ్చి ఎదుటి బంధాన్ని బలహీనం చేస్తాయనీ, కొన్ని ప్లాటినం దగ్గరున్న ఎలక్ట్రాన్లను తమవైపు తీసుకుని ఆ ఐదుగురి ఇరుకును నిలకడపరుస్తాయనీ రాసింది. ఇవన్నీ చదివినవే. ఇవాళ మొదటిసారి ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాయి.

తర్వాత థయోయూరియా దగ్గరికి వచ్చింది. సిస్‌లో రెండు క్లోరైడుల చోట్లూ థయోయూరియాకు దక్కుతాయి. ఆ రెండు చోట్లకూ ఎదురుగా ఉన్నవి అమోనియాలు. థయోయూరియా బలానికి అవీ ఊడిపోతాయి. నాలుగు చోట్లా థయోయూరియానే, రంగు పసుపు. ట్రాన్స్‌లో క్లోరైడులు రెండూ పోతాయి గానీ, అమోనియాకు ఎదురుగా ఉన్నది మరో అమోనియానే. దాన్ని వదులు చేసేంత బలమైనది ఎదురుగా లేదు. అమోనియాలు రెండూ నిలిచిపోతాయి, తెల్లసూదులు దిగుతాయి.

కలం ఆగింది.

పసుపు సిస్‌ది. మరి స్టోరులో పసుపు తిరిగిన సీసా మీద ట్రాన్స్ అని ఉంది. రాసింది తనే.

ఆమె ఆ పేరా మళ్లీ చదివింది. అయితే ఇప్పుడు రాసిందే తప్పా? బాణాల సార్ లాంటి మనిషే ఆ లేబుల్ చూసి తన పాఠాన్ని అనుమానించాడు. ఆ కాలేజీలో అందరూ నమ్మే చేతిరాత అది. ఇంకా పదిహేను నిమిషాలున్నాయి. స్కేలు తీసి ఈ పేరా కొట్టేసి, సీసాల మీద ఉన్నట్టే తిప్పి రాస్తే? చెయ్యి నిజంగానే స్కేలు మీదికి పోయింది. పోయినసారి స్కేలు కూడా ఇదే.

మళ్లీ బొమ్మ చూసింది. ఈ తర్కమే కదా ఎర్ర ఉప్పు నుంచి సిస్ వస్తుందని చెప్పింది. అది తన కళ్లతో ఎన్నో ఏళ్లు చూసిన నిజం. లేబుల్ రాసిన రోజు తర్కంతో చూస్తే ఎదురెదురు క్లోరైడులు రెండూ పోయి ఎర్ర ఉప్పు ట్రాన్స్ కావాలి, అది ఆ నిజాన్నే కాదంటుంది. అంటే తప్పు కాగితం మీద కాదు, సీసాల మీద. స్కేలు తీసి పెట్టెలో పడేసి మూత పెట్టింది. జవాబుపత్రం ఇచ్చేసి, ఇంటికి వెళ్లకుండా తిన్నగా తమ కాలేజీకి నడిచింది.

స్టోరు తాళం తీసి, ఆ రెండు సీసాలు బల్ల మీద పెట్టి, తడిగుడ్డతో రుద్దింది. లేబుళ్లు రాలేదు. కొవ్వొత్తి మైనం కదా, నీటికి లొంగదు. బ్లేడుతో గీకుతుంటే కిటికీ అవతల నీడ పడింది. బాణాల సార్. కిటికీలోంచి చూసి, చుట్టూ తిరిగి స్టోరులోకే వచ్చాడు. ఎప్పుడూ రాడు.

"పరీక్ష ఎలా రాశారమ్మా?"

ఆమె లేచి నిలబడింది. "తప్పు రాశానండీ."

ఆయన ముఖం చిన్నబోయింది. "మళ్లీనా? ఏ ప్రశ్న?"

"పేపర్లో కాదండీ. వీటి మీద." సగం గీకిన సీసాలు ముందుకు జరిపింది. "లేబుళ్లు ఊడిపోతే థయోయూరియా పెట్టి నేనే చూశాను. పసుపు తిరిగినదాన్ని ట్రాన్స్ అనుకున్నాను. మిమ్మల్ని అడగడానికి సిగ్గేసింది. తిరగేసి అతికించాను."

ఆయన స్టూలు లాక్కుని కూలబడ్డాడు. ఒక్కో సీసా ఎత్తి, సగం గీకిన లేబుల్ చదివాడు. కోప్పడతాడనుకుంది. ఉద్యోగం మాట అటుంచి, ఇరవై ఒక్క ఏళ్ల పేరు ఇవాళ్టితో సరి అనుకుంది.

"మూడు వారాలు," అన్నాడాయన చివరికి. "మూడు వారాలుగా నాకు పాఠం చెప్పాలంటే భయమేస్తోందమ్మా. సిస్ అనబోయి ఆగిపోతున్నాను. నా బుర్రకేమైనా అయిందేమో, డాక్టరుకి చూపించుకోమని మా ఆవిడ పోరుపెడుతోంది."

ఆమె తల దించుకుంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు, కళ్లలో నీళ్లు మాత్రం తిరిగాయి.

"సరే గానీ, ఇవాళ పేపర్లో ఏం రాశారు?"

"సీసాల మీదున్నదానికి తిరగేసి రాశానండీ."

ఆయన తలెత్తి ఆమెను తేరిపార చూశాడు. జేబులోంచి కలం తీసి, అలవాటుకొద్దీ బల్ల మీద ఒక బాణం గీయబోయి, మానుకున్నాడు. కలం ఆమె చేతిలో పెట్టాడు.

"అయితే ఈసారి గట్టెక్కారు. రేపు ఉదయం ల్యాబులోకి వచ్చి, పిల్లలకు ఈ సంగతి మీరే చెప్పండి. తప్పు ఎక్కడ జరిగిందో దాంతో సహా. ఇప్పుడు కొత్త లేబుళ్లు రాయండి."

"మీరే రాయండి సార్. నా రాతను ఇంకెవరు నమ్ముతారు?"

"నేను రాస్తే సరిపోతుందా? నేనే నమ్మను," అన్నాడు బాణాల సార్.

ఆమె కళ్లు తుడుచుకుని రాసింది. అక్షరాలు ఎప్పటిలా గుండ్రంగా రాలేదు, కొంచెం వంకరపోయాయి. కొవ్వొత్తి తీసి రుద్దబోయి, ఆగి, థయోయూరియా సీసా కోసం అరలోకి చెయ్యి చాచింది.